పూసినాక పీకిన వయ్యారిభామ

బంగారుపాళ్యం దగ్గరి మామిడితోటలో మునెమ్మ ఇరవై ఏళ్లుగా వయ్యారిభామ కలుపు పీకుతోంది. ఏటా ఆ కలుపు తోటంతా తెల్లగా పూశాకే యజమాని ఆమెను పిలిచేవాడు. పీకిన మొక్కలను రోడ్డు పక్కన పారేయించేవాడు. ఆ మొక్క పడక ఆమె చేతులు దద్దుర్లతో పగిలిపోయాయి. ఆయాసం పట్టుకుంది.

గ్రూప్-2 పరీక్షకు చదువుతున్న కూతురు జయంతి ఒకరోజు పుస్తకంలోంచి తలెత్తింది. "అమా, ఇది మన దేశపు మొక్క కాదు. బయటినుంచి తెప్పించిన గోధుమల్లో కలిసి వచ్చిండాదంట. పూత రాకముందే, చేతులకు తొడుగులేసుకొని, వేర్లతో పీకాలంట. పూసినాక పారేస్తే విత్తనాలు బండిచక్రాలకు అంటుకొని, వాననీళ్లలో కొట్టుకొనిపోయి ఊరంతా మొలుస్తాయంట."

మునెమ్మ బయటికొచ్చి చూసింది. రోడ్డు పొడవునా అదే. ఆవులు మేసే బీడులో గడ్డిపోచ మిగల్లేదు.

"అయితే ఇన్నేండ్లూ నేను పీకలేదే, నాటినాను" అంది.

మరునాడు యజమానికి ఆ సంగతి చెప్పింది.

"నాకే పాఠాలు చెప్పేకొచ్చినావా?" అన్నాడతను.

ఆ ఏడు కలుపు పూశాక తోటలోకి మునెమ్మ బదులు వేరే మనిషి వచ్చింది. వట్టిచేతులతో పీకుతోంది. "తొడుగులేసుకో మే!" అని మునెమ్మ కంచె బయటినుంచి అరిచింది.

"యాడుండాయి? నువ్వు తెచ్చిస్తావా?" అందామె, తలెత్తకుండానే.