మొదటి యాభై ఎవరివి

రామలక్ష్మమ్మను మా వీధిలో గయ్యాళి అంటారు. అన్నవాళ్ళలో సగంమంది కరెంటు బిల్లును ఏనాడూ తిప్పి చూసినవాళ్ళు కారు. ఆమె చూసింది. ఆమె మీద పడ్డ పేరంతా అక్కడ మొదలైంది. ఎదురింటి దాన్ని, పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి ఆమె బిల్లులు చదివిపెట్టింది నేనే. ఎవరేమన్నా ఈ సంగతి నాకు తెలిసినంత వాళ్ళకు తెలియదు.

కణేకల్ పక్క మా ఊరు. కాలువ నీళ్ళు పారే పొలాలు అటువైపు, మావన్నీ ఇటువైపు మెట్ట. శెనక్కాయ పంట వచ్చిన ఏడాది కంటే రాని ఏళ్ళే ఎక్కువ. అందుకే టౌను మేస్త్రి ఆటోలో జీన్స్ గుడ్డల కట్టలు దించి, జేబులు కుట్టి ఇస్తే జతకింత అన్నప్పుడు, వీధిలో ఆడవాళ్ళంతా కుట్టుమిషన్లు కొన్నారు. రామలక్ష్మమ్మ అందరికంటే ముందు కొన్నది. అందరికంటే ముందు దానికి చిన్న మోటారు బిగించిందీ ఆమే. కాలితో తొక్కితే జీన్స్ గుడ్డకు సూది దిగదు, మోకాళ్ళు మాత్రం దిగిపోతాయి.

ఆమె మొగుడు ఎర్రన్న బోర్లు వేసే లారీ మీద పని. ఏ ఊర్లో రాళ్ళు తొలుస్తుంటాడో ఆయనకే తెలియదు. వచ్చినప్పుడు నాలుగు రోజులు నిద్రపోయి మళ్ళీ పోతాడు. ఆయన తమ్ముడు బయ్యన్న ఊర్లోనే సేద్యం. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు మా వైపు పద్ధతి ప్రకారమే చేశారు. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి. ఎర్రన్న ఇంటిని నడిమికి గోడ కట్టి పంచాడు. బయ్యన్న వాకిలి ఉన్న వైపు ఎంచుకున్నాడు. మీటరు ఆ వైపు గోడకే ఉంది. మీటరును ఎవరూ పంచలేదు. వెలుతురును కూడా పంచుకోవాలని ఎవరికి తడుతుంది!

మొదట్లో బిల్లు సగం సగం. రామలక్ష్మమ్మ మోటారు పెట్టాక బయ్యన్న ఊరుకోలేదు. "వదినా, నీ మిషన్ తిరిగితే మా మీటరు గిర్రున తిరుగుతాండాది" అన్నాడు. న్యాయమే. ఆమె కుట్టిన డబ్బుతో ఒక చిన్న మీటరు కొని, తన వైపు వచ్చే వైరుకు పెట్టించింది. పాత రీడింగు, కొత్త రీడింగు, తేడా ఎంతో అన్ని యూనిట్లు కాలినట్టు. ఇందులో గొడవ ఏముంటుంది అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ నెల పెద్ద మీటరు మీద నూట ఎనిమిది యూనిట్లు కాలాయి. ఆమె చిన్న మీటరు మీద ముప్పై ఎనిమిది. అంటే బయ్యన్నవి డెబ్బై. ఆ రోజుల్లో ఇంటి మీటర్లకు మొదటి యాభై యూనిట్లు చవక, యూనిట్ రూపాయి నలభై అయిదు పైసలు. ఆపై యాభైకి యూనిట్ రెండు రూపాయల ఎనభై పైసలు. వంద దాటినవి మూడు రూపాయల అయిదు పైసలు. మెట్టు ఎక్కేకొద్దీ రేటు. రామలక్ష్మమ్మ నా చేత లెక్క వేయించి, మొత్తంలో తన వంతుకు ఎనభై మూడు రూపాయలు, ఊరికే పడే కస్టమర్ చార్జీలో సగం పట్టుకుని బయ్యన్న దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఎనభై మూడు యాడిది వదినా? నూట ఎనిమిది రూపాయలు ఈయాల నువ్వు" అన్నాడు.

"ఎట్లప్పా?"

"మీటరు ఎవురిది?"

"మామ పేరు మీద ఉండాది."

"ఎవురి గోడకుండాది?" బయ్యన్న అరుగు మీద కూర్చుని వేళ్ళు మడిచాడు. "మొదటి యాభై నావి. పై ఇరవై నావి. ఆడికి నా డెబ్బై అయిపాయ. నీ ముప్పై ఎనిమిదీ ఆ పైన వచ్చినాయి. నువ్వు మిషన్ పెట్టకపోతే వంద దాటుతుండెనా? పైమెట్టు ఎక్కించింది నువ్వు, పైమెట్టు రేటు నువ్వే ఈయాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. కరెంటుకు ముందూ వెనకా ఏముంటుంది? ఏ యూనిట్ మీద ఎవరి పేరు రాసి ఉంటుంది? ఆ మాటే అన్నాను. "ఆ చవక యాభై ఇంటికిచ్చినారు గానీ నీకియ్యలా బయ్యన్నా" అని కూడా అన్నాను. అతను నవ్వి, "చదువుకున్నదానివి హేమా, నీకేం తెల్దా, ముందు వచ్చినోడిది ముందు" అన్నాడు. బస్సులో సీటు గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆ లెక్కలో తప్పు చూపించాలని ఇంటికి వచ్చి తలకిందులుగా వేసి చూశాను. కూడిక తప్పు లేదు. వాడి మనసులోనే తప్పు ఉంది, దాన్ని కాగితం మీద ఎలా కొట్టేస్తాం!

రామలక్ష్మమ్మ నూట ఎనిమిది రూపాయలూ ఇచ్చింది. ఎర్రన్నకు ఫోన్ చేస్తే, "తమ్మునితో పైసల లెక్కలేమే, పరువు తక్కువ" అన్నాడు. పైసలు సంపాదించేది ఆమె, పరువు మాత్రం ఆయనది. అప్పుడే ఆమె నిశ్చయించుకుంది. తన పేరున, తన గోడకు, వేరే మీటరు. "మొదటి యాభై నాకూ ఉండాల మే" అన్నది నాతో. ఆమె అడిగినది అంతే. ముప్పై ఎనిమిది యూనిట్లు చవక రేటున కాల్చుకుంటే నెలకు యాభై అయిదు రూపాయలు. కస్టమర్ చార్జీ పూర్తిగా తనే కట్టుకున్నా మిగులే.

మీటరుకు అర్జీ పెట్టకముందే ఒక మధ్యాహ్నం ఆమె మిషన్ ఆగిపోయింది. బయటికి వచ్చి చూస్తే లైన్‌మన్ పాపన్న స్తంభం దగ్గర మా వీధి వైపు తల ఎత్తకుండా ఫ్యూజు పీకి సంచిలో వేసుకుంటున్నాడు.

"ఏమప్పా పాపన్నా, నేను నెలనెలా కడతాండాను కదప్పా!" అంది రామలక్ష్మమ్మ.

"నువ్వు యాడ కట్టినావక్కా? ఆఫీసులో కట్టల్యా. నాలుగు నెల్ల బాకీ ఉండాది. నన్నేం చేయమంటావు?"

బయ్యన్న ఆమె దగ్గర పైమెట్టు రేటున తీసుకున్న డబ్బు కౌంటరు దాకా పోనేలేదు. బిల్లు తెప్పించి చదివాను. ఆ నెల చార్జీ ఒకచోట, పాత బాకీ ఇంకోచోట, గడువు దాటినందుకు సర్‌చార్జీ మరోచోట. ఫ్యూజు తిరిగి పెట్టడానికి మళ్ళీ వేరే రుసుము. అడిగితే బయ్యన్న సిగ్గుపడలేదు. ఎన్నికలు అయినాక సేద్యం మోటార్ల బాకీలన్నీ మాఫీ చేశారు, కరెంటు ఉచితం చేశారు. అతని మోటారు బాకీ కూడా వేలల్లో ఎగిరిపోయింది. "మోటారుది తీసేసినోళ్ళు ఇంటిది తీసేయకపోతారా అని నిలిపినా వదినా" అన్నాడు. ఆ డబ్బు శెనక్కాయ విత్తనాలకు పోయింది, విత్తనాలు వాన లేక, బోరులోనూ నీళ్ళు లేక మట్టిలోనే పోయాయి. అతని మీద కోపం రావాలో జాలి పడాలో తెలియని స్థితి. నాకు మాత్రం కోపమే వచ్చింది.

ఆ మాటల్లో మాట పెరిగి, వీధి నడుమ బయ్యన్న అన్నాడు, "ఎవురు దొంగ? దొంగచాటుగా మిషన్ నడిపేది నువ్వు. నా మీటరు మీద నీ యాపారం."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఆమె ఏ మాటైనా పడుతుంది గానీ, దొంగ అన్న మాట పడదు. మేస్త్రి దగ్గర కుట్టుకూలి మీద బయానా తీసుకుంది. అది తీరేదాకా అతను ఇచ్చిన రేటుకే కుట్టాలి, ఎదురు అడగకూడదు. ఆ డబ్బుతో టౌనులో కరెంటాఫీసుకు పోయి మొత్తం బాకీ, సర్‌చార్జీతో సహా కట్టేసింది. ఆ ఇంటి మీద బాకీ ఉంటే అదే ఇంట్లో కొత్త మీటరు ఇవ్వరట. బయ్యన్న వంతు కూడా ఆమే కట్టింది. రసీదు మీద మామ పేరు వచ్చింది.

తర్వాత భాగాల కాగితం, ఇంటిపన్ను రసీదు, డిపాజిట్టు, అన్నీ పట్టుకుని మళ్ళీ ఒక్కతే పోయింది. నాకు ఆ రోజు కట్ట అప్పగించాల్సి ఉండి పోలేదు. అర్జీలో ఏమేం వాడతారో రాయాలి. కిటికీ అవతల మనిషి అడిగాడట. బల్బులు రెండు, ట్యూబులైటు ఒకటి, ఫ్యాను ఒకటి అని చెప్పింది. "ఇంకేమన్నా?" అన్నాడట.

"కుట్టుమిషన్ మోటారు సామీ. కూలికి బట్టలు కుడతా. అంతా రాసుకో, ఏమీ దాచిపెట్టేది లేదు" అని చెప్పింది.

దొంగచాటు అన్నవాడి నోరు మూయించాలని చెప్పింది. ఇంటికి వచ్చి ఆ సంగతి నాకు సంతోషంగా చెప్పింది కూడా. నాకేదో తేడాగా అనిపించింది గానీ ఏమిటో తెలియలేదు.

మీటరు వచ్చింది. ఆమె గోడకు, ఆమె పేరున. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నెల తిరిగాక బిల్లు వచ్చింది. మధ్యాహ్నం అన్నం తింటున్నదాన్ని లేపి చేతిలో పెట్టింది.

"యాభై లోపలేనా?"

"ముప్పై తొమ్మిది అక్కా. లోపలే."

"యాభై ఆరో యాభై ఏడో కదా?"

నేను బిల్లు కింద మొత్తం చూశాను. మళ్ళీ పైనుంచి చదివాను. పేరు సరిగానే ఉంది, రీడింగు సరిగానే ఉంది. కేటగిరి అన్నచోట ఒకటి ఉండాలి, రెండు ఉంది. ఇంటిది కాదు, అంగళ్ళది. అంగడి మీటరుకు మొదటి యాభై కూడా చవక కాదు, యూనిట్ నాలుగు రూపాయలకు దగ్గర. ఊరికే పడే చార్జీ కూడా ఇంటి మీటరు కంటే ఎక్కువ. బల్బు, ఫ్యాను, పిల్లలు చదువుకునే ట్యూబులైటు, అన్నీ ఆ రేటే. కరెంటుకే నూట యాభై దాటింది. బయ్యన్న పైమెట్టు రేటున గుంజినదానికంటే ఎక్కువ.

విషయం చెప్పాను. ఆమె బిల్లు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. బయట వీధి పొడుగునా మిషన్లు నడుస్తున్నాయి. పక్కింట్లో చౌడమ్మది, ఆ పక్క మారెక్కది. అన్నానికని ఆపాను గానీ మా ఇంట్లో నాదీ అంతే. అన్నీ మోటార్లే.

"మీరంతా ఏం చెప్పినారే ఆఫీసులో?" అంది.

"మమ్మల్ని ఎవురూ అడగల్యా అక్కా. మా మీటర్లు మిషన్లు రాకముందువి."

మోటారు పీకేసి, ఇంటికే వాడుతున్నానని అర్జీ పెడితే, ఆఫీసువాళ్ళు వచ్చి చూసి ఒకటో కేటగిరికి మార్చొచ్చని చెప్పాను. వాళ్ళు చూసి పోయాక మళ్ళీ బిగించుకోవచ్చని కూడా చెప్పాను. తప్పని నాకు తెలుసు, అయినా చెప్పాను.

"అప్పుడు కదా వాడు దొంగ అన్నమాట నిజమయ్యేది!" అంది. "నిజం చెప్పినందుకు ఇంత పడింది. అబద్ధానికి ఎంత పడుతుందో."

అర్జీ పెట్టలేదు. బయానా తీరేదాకా మోటారు ఆపే వీలూ లేదు. ప్రతినెలా గడువులోపల తనే పోయి కట్టి వస్తుంది, ఒక్క పైసా సర్‌చార్జీ పడనివ్వదు. బయ్యన్న తరఫున ఆమె కట్టిన బాకీ అతను ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. అతని బిల్లు మాత్రం ముందు తన వంతుకు లెక్క వేసుకున్నంతే వస్తోంది, ఎందుకంటే మొదటి యాభై అతనికి ఎప్పుడూ ఉన్నాయి. ఇన్ని మిషన్లున్న మా వీధిలో అంగడి రేటు కట్టేది రామలక్ష్మమ్మ ఒక్కతే.