తొమ్మిది తట్టల కాలువ

యుద్ధం రోజుల్లో సిమెంటు పర్మిటు మీద తప్ప దొరికేది కాదు. అప్పుడు వనపర్తిలో ఒక బజారుకు రెండు పక్కలా కాంక్రీటు మురికి కాలువ కట్టే పని మా గుత్తేదారుకు వచ్చింది. నేను ఆయన దగ్గర లెక్కలు కట్టేవాణ్ణి. చదువుకున్నానన్న పొగరు నాకు నిండుగా ఉండేది.

మా ప్రాంతమంతా అడుగులూ అంగుళాలే. నక్షా గీసిన ఇంజనీరేమో పైదేశంలో చదివొచ్చి అన్నీ మీటర్లలో రాశాడు. కాలువ లోపల ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై లోతు. గోడలు పది మందం, కాలువ అడుగుభాగం పది మందం. బజారు వైపు గోడ మీద మీటరు పొడవు అంచు రాయి, మీటరుకు ఒకటి. రెండు పక్కలా కలిపి రెండు వందల మీటర్లు. మీటరు కాలువకు తొమ్మిది తట్టల కాంక్రీటు, గోడలకు ఆరు, అడుగుకు మూడు అని తేల్చాను. మా తట్ట వంద పోస్తే ఘన మీటరు. ఆ లెక్కనే బస్తాలు తెప్పించాం.

పెద్దమందడి నుంచి వచ్చిన మేస్త్రీకి అక్షరం ముక్క రాదు. ఆయన భార్య తట్టలు మోసేది. పోసిన ప్రతి తట్టకూ ఆ మీటరు పక్కన ఒక గులకరాయి పెట్టడం వాళ్ల పద్ధతి. పోత ఎక్కడా తక్కువ కాకూడదని అట్లా చేసేవారు.

నూట అరవై నాలుగో మీటరు దగ్గర సిమెంటు అయిపోయింది. ముప్పై ఆరు అంచు రాళ్లు మాత్రం మిగిలి, తవ్విన గుంత పక్కన వరసగా పడి ఉన్నాయి. అదేం లెక్కో నాకు అంతుపట్టలేదు. రాళ్లు సరిగ్గా ఉన్నాయి, సిమెంటు ఎటు పోయింది? గులకరాళ్లు లెక్కపెట్టాను. మీటరుకు పదకొండు. ఇంకో మీటరు చూశాను. అక్కడా పదకొండే.

"మేస్త్రీ, తొమ్మిది పొయ్యాల్సింది పదకొండెట్ల అయినయి? ఆ రెండూ ఏడికి పోయినయి?" అని అరిచాను.

"కాలువల్నే ఉన్నయి సారూ, ఇంకేడికి పోతయి?" అన్నాడు.

నా అరుపు గుత్తేదారు చెవిన పడింది. ఇంకేముంది! ఆ రెండు తట్టల సిమెంటు అమ్ముకుని, ఉత్త గులకరాళ్లు పెట్టాడని తేల్చేశాడు. మేస్త్రీ చేతిలోని తాపీ లాక్కున్నాడు. "అమీన్ సాబ్‌కు అప్పజెప్త. నా దగ్గర్నే కాదు, గీ జిల్లాల ఏడ పని దొరుకుతదో చూస్త," అని పోలీసు చౌకీ వైపు నడిచాడు.

మేస్త్రీ భార్య ఏడవలేదు. ఖాళీ తట్ట తెచ్చి నా కాళ్ల ముందు పడేసింది.

"నువ్వే పొయ్యి సారూ. గా ఇసుక ఉన్నది, గీ చెక్కలున్నయి. తొమ్మిదితోని కట్టి సూపియ్యి."

ఒళ్లు మండింది. అయినా తట్ట ఎత్తాను. పోతకు నిలబెట్టిన బయటి చెక్కల మధ్య, ఒక మీటరు పొడవున, అడుగుభాగం మందానికి పెట్టిన గుర్తు దాకా ఇసుక పోయడం మొదలుపెట్టాను. మూడు తట్టలు పోసి చదును చేశాను. నడుమ నిండింది గానీ రెండు పక్కలా ఖాళీ మిగిలింది. పక్కలకు లాగి మళ్లీ చదును చేశాను. అప్పుడు అంతటా గుర్తుకు కిందనే ఆగింది. నాలుగోది పోశాను, ఐదోది పోశాను. అప్పుడు గుర్తుకు అందింది.

నక్షా తీసి చూశాను. అడుగును లోపలి వెడల్పుకే, ముప్పైకే, లెక్క కట్టాను. గోడలను లోపలి లోతు దాకానే కట్టాను. గోడల కింద ఉండే రెండు మూలలు ఏ లెక్కలోనూ లేవు. అడుగు వెడల్పు యాభై! ఐదూ ఆరూ పదకొండు. ఛీ, ఇంత చిన్న సంగతి!

గుత్తేదారు చౌకీ జవానుతో వచ్చాడు. "లెక్క నేనే తప్పు కట్టిన. మేస్త్రీ దొంగ కాడు," అన్నాను.

ఆయన నమ్మలేదు. "సదువుకున్నోనివి, నువ్వు తప్పు జేస్తవా? వీని మీద జాలితోని అంటున్నవు గదా!"

ఆ మాటకు నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. చెక్కల్లోని ఇసుకంతా బయటికి ఎత్తిపోసి, ఆయన ముందు మళ్లీ ఒక్కో తట్టా పోశాను. ఐదోదానికి గుర్తు అందింది. గుత్తేదారు తాపీని మేస్త్రీ చేతికివ్వకుండా నేల మీద పెట్టి, జవానును తీసుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన ముప్పై ఆరు మీటర్లు తర్వాత రాతితో, సున్నంతో కట్టారు. కట్టింది ఆ మేస్త్రీ కాదు. ఆ సాయంత్రమే భార్యాభర్తలు మూట కట్టుకున్నారు. తాపీకి అంటిన మన్ను తుడుచుకుంటూ ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

"నేను గా రెండు తట్టలు ఎత్కపోయి ఉంటే, గా గోడలు దేని మీద నిలబడ్డయి సారూ? అరిచే ముందల ఒక్కపారి వంగి సూస్తే అయిపోతుండె గదా."