ఆల్బమ్‌లో లేని ఆపా

షమ్సున్నీసాది కావలి. పెళ్లై మెల్‌బోర్న్ వచ్చి ఇరవై ఏడేళ్లయింది. క్రాన్‌బర్న్‌లో ఒక పాథాలజీ సెంటర్‌లో రక్తం తీసే ఉద్యోగం. సూది గుచ్చేటప్పుడు పేషెంట్ల చేత వాళ్ల ఊరి పేరు చెప్పిస్తుంది. ఊరి పేరు చెబుతున్నప్పుడు మనిషి నొప్పి మరిచిపోతాడని ఆమె నమ్మకం.

తల్లి పోయినప్పుడు షమ్సున్నీసాకు ఆరేళ్లు. పెంచింది అక్క కహకషాన్. జడ వేయడం, నమాజు నేర్పడం, బడికి టిఫిన్ కట్టడం అన్నీ ఆవిడే. షమ్సున్నీసా ఆవిడను 'ఆపా' అని పిలిచేది, షమ్సున్నీసా కూతురు నిదా 'ఖాలా' అనేది. నిరుడు నవంబరులో నిదా పెళ్లికి ఆపా మొదటిసారి విమానం ఎక్కి వచ్చింది. ఏడు వారాలు ఉండి డిసెంబరు ఆఖర్లో వెళ్లిపోయింది. మార్చిలో ఒక మధ్యాహ్నం షమ్సున్నీసా సెంటర్‌లో ట్యూబులకు లేబుళ్లు అంటిస్తుండగా కావలి నుంచి ఫోను వచ్చింది. ఆపా తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి, వజూకు కాళ్లూ చేతులూ కడుక్కుంటూ కుప్పకూలిందట. ఆ సాయంత్రమే ఖననం. ఏ విమానం ఎక్కినా అందదు.

అప్పటి నుంచి షమ్సున్నీసా నిదా పెళ్లి ఆల్బమ్ కోసం ఎదురుచూసింది. ఆపాకు కెమెరా అంటే సిగ్గు. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, దుపట్టా మొహం మీదికి లాక్కునేది. వీసా కోసం దిగిన ఫోటో తప్ప ఆవిడది మంచి ఫోటో ఒక్కటీ లేదు. నిఖా రోజంతా లోపల వంటల దగ్గరే ఉండిపోయింది. రెండే రెండు చోట్ల మనస్ఫూర్తిగా ముందుకొచ్చింది. ఒకటి, పెళ్లికూతురికి పసుపు పూసే మాంజా. రెండోది, రుఖ్సతీ, అంటే నిదాను అత్తారింటికి పంపే ఘడియ. అప్పుడు నిదా తల మీద ఖురాన్ పట్టుకుని వాకిలి దాటించింది ఆపానే. మాంజా ఆడవాళ్ల వేడుక కనుక ఆ సాయంత్రం అందరి ఫోన్లూ ఒక బుట్టలో పెట్టించారు. కెమెరా ఉన్నది ఒక్క లేడీ ఫోటోగ్రాఫర్ దగ్గరే.

స్టూడియో అఖిల్ అనే ఒంగోలు కుర్రాడిది. పన్నెండు వారాల్లో ఆల్బమ్ ఇస్తానని రాసి ఇచ్చాడు. మే నెలలో అడిగితే "ఎడిటింగ్‌లో ఉంది ఆంటీ" అన్నాడు. జులైలో అడిగితే నెపం ప్రింటర్ మీదికి తోశాడు. ఆగస్టు ఆఖరి వారంలో పెట్టె వచ్చింది. భర్త సాబిర్ కత్తెర తెచ్చేలోపే ఆమె టేపు గోళ్లతో చించేసింది. మెహందీ ఉంది. నిఖా ఉంది. వలీమా విందు ఉంది. మాంజా లేదు, రుఖ్సతీ లేదు. ఆమె పేజీలు మళ్లీ మొదటి నుంచి తిప్పింది. రెండు పేజీలు అతుక్కున్నాయేమోనని వేలితో రుద్ది చూసింది.

ఆ ఆదివారం నిదా వచ్చింది. తల్లి చూపించగానే ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఫోన్ కాల్స్ చాలు అమ్మీ. Put it in writing. కాంట్రాక్ట్‌లో ఐదు ఈవెంట్స్ ఉన్నాయి, రెండు మిస్ చేశాడు, ఆరు నెలలు లేట్. ఫోర్టీన్ డేస్ ఇద్దాం. రిప్లై ఇవ్వకపోతే కన్స్యూమర్ అఫైర్స్‌కి కంప్లైంట్, then tribunal. రిఫండ్ అడుగుదామా?"

"డబ్బు నేనేం చేసుకోను? ఆ రెండింటి ఫోటోలు అడుగు. ఒరిజినల్స్, ఎడిట్ చేయకపోయినా ఫర్వాలేదని రాయి."

ఉత్తరం సూటిగా కుదిరింది. ఒప్పందం తేదీ, ఇస్తానన్న గడువు, పెట్టె అందిన రోజు, లేని వేడుకలు, కావలసినదేమిటి, ఎప్పటిలోగా. దానికి కాంట్రాక్టు, పాత మెసేజీలు జత చేశారు. చివర్లో షమ్సున్నీసా ఒక వాక్యం చేర్పించింది: ఆ వేడుకల్లో ఉన్న మా అక్క ఇప్పుడు లేదు.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. సీజన్ రద్దీ అట, క్షమించాలట, కావాలంటే నిఖా ఫోటో ఒకటి పెద్దది చేసి ఫ్రేము కట్టిస్తాడట. ఆమె రెండు ముక్కల్లో తిరిగి రాసింది: 'నేను అడిగింది అది కాదు. ఆ ఫోటోలు ఉన్నాయా, లేవా?'

మరుసటి శనివారం అఖిల్ స్వయంగా ఇంటికి వచ్చాడు. సోఫా అంచున కూర్చుని టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నిజం చెప్పు నాయనా. పోగొట్టావా?"

"పోగొట్టలేదు ఆంటీ. నా దగ్గర అసలు లేవు. లేడీస్ సైడ్ తీసింది తన్మయి. నిదా పెళ్లైన వారానికే మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది, మానేసి క్యాన్‌బెరా వెళ్లిపోయింది. ఆ హార్డ్ డ్రైవ్ తన దగ్గరే ఉండిపోయింది. అడగడానికి నాకు అహం అడ్డొచ్చింది. ఇవాళ, రేపు అంటూ నెలలు గడిచాయి. ఆఖరికి ఉన్నవాటితోనే కొట్టించేశాను. మీరు గమనించరనుకున్నాను."

ఆమెకు కోపం రావాల్సింది. కానీ 'లేవు' అనే మాట కాకుండా 'తన దగ్గర' అనే మాట ఒక్కటే చెవుల్లో నిలిచింది.

"ఇప్పుడే ఫోన్ చెయ్యి," అంది. "నా ముందే."

అతను చేశాడు. మొదటి మాటలు తడబడ్డాయి. సారీ చెప్పాడు. తర్వాత తన్మయి అంది, "డ్రైవ్ ఉంది. ఈ గంగాలిన్ ఇంటికి వచ్చాక ఆ అట్టపెట్టె ఇంకా విప్పనే లేదు. ఈరోజే అప్‌లోడ్ చేస్తా."

లింకు ఆదివారం వచ్చింది. మాంజావి నాలుగు వందల పైచిలుకు ఫోటోలు. ఆపా పీట మీద ముందుకు వంగి నిదా చెంపకు పసుపు రాస్తోంది. ఆపా నోరు తెరిచి పాడుతోంది. ఆపా ఎవరి మాటకో వెనక్కి వాలి నవ్వుతోంది. దుపట్టా భుజం మీదికి జారిపోయింది, సర్దుకోలేదు. షమ్సున్నీసా తెర మీద ఆ మొహాన్ని పెద్దది చేసుకుంటూ పోయింది, చివరికి అది రంగు చుక్కలుగా విడిపోయేదాకా. అప్పుడు మళ్లీ చిన్నది చేసింది. ఆ పాట ఏమిటో పెదాల తీరు చూసి పోల్చుకోవాలని ప్రయత్నించింది. తెలియలేదు. అడుగుదామంటే అడగాల్సిన మనిషి ఆవిడే.

రుఖ్సతీ మాత్రం లేదు. కారు, కారు చుట్టూ పూలు, ఆ తర్వాత ఖాళీ వాకిలి. ఆమె తన్మయికే ఫోను చేసింది.

"ఆ పది నిమిషాలు నేను తీయలేదాంటీ," అంది ఆ అమ్మాయి. "కెమెరా ఎత్తాను. మీరూ నిదా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. మీ అక్కగారు ఒక చేత్తో ఖురాన్ పట్టుకుని, ఇంకో చేత్తో నా లెన్స్ మెల్లిగా కిందికి దించారు. 'వద్దులేమ్మా, మా చెల్లెలు దాని పెళ్లప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు దాని కూతురు. కాసేపు ఎవురూ చూడకుండా ఏడ్చుకోనీ' అన్నారు. ఆ విషయం అఖిల్‌కి చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

షమ్సున్నీసా ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది. తన వీపు వెనక ఇంత జరిగిందని ఆమెకు తెలియనే తెలియదు. ఆ వాకిట్లో తాను కూతురిని మాత్రమే చూసింది. ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే బాగుండేదనిపించింది.

అఖిల్ తన ఖర్చుతో మాంజా పేజీలు చేర్చి ఆల్బమ్ మళ్లీ కొట్టిస్తానని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. అక్టోబరు లోపు ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. దానికి ముందే షమ్సున్నీసా అతనికి మెయిల్ పంపింది. రుఖ్సతీ గురించిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని అందులో రాసింది.

కాపీ చూసి నిదా ఫోను చేసింది. "అమ్మీ, why? అది కూడా కాంట్రాక్ట్‌లో ఉంది కదా."

"ఉంది," అంది షమ్సున్నీసా. "ఖాలా తియ్యొద్దందంట."

తన్మయి చెప్పిందంతా కూతురికి మొదటి నుంచి చెప్పింది. చెప్పడం అయ్యాక కూడా ఎవరూ ఫోను పెట్టేయలేదు.