ఎడమ పక్క ఫోటో

అశ్వారావుపేట దారిలో పామాయిల్ తోటల పక్కన ఒక చిన్న ఫ్యాక్టరీలో నాది క్వాలిటీ సెక్షన్ ఉద్యోగం. బయటి నుంచి అట్ట రీళ్ళు తెప్పించి, షీట్లుగా కోసి, కట్టలు కట్టి పంపుతాం. మావాళ్ళకు స్లైడ్ల పిచ్చి. కుర్చీ ఇటు నుంచి అటు జరిపినా ఒక పీపీటీ తయారవుతుంది. దాని చివర పువ్వుల బొమ్మతో థాంక్యూ స్లైడు కూడా ఉంటుంది.

నేను చెప్పే పీపీటీ నలభై రెండు స్లైడ్లది. విషయం మాత్రం రెండు ముక్కలే. కట్టల మీద అంటించే లేబుళ్ళన్నీ కిటికీ దగ్గర ఒకే టేబుల్ మీద ఉండేవి. కోసే సైజు మారినప్పుడల్లా కట్టలు కట్టే ఆడవాళ్ళు హాలు దాటి వెళ్ళి వెతికి తెచ్చుకునేవాళ్ళు. ఆ హడావిడిలో ఒక మందం అట్టకు ఇంకో మందం లేబుల్ పడేది. కొన్నవాళ్ళు కట్టలు తిప్పి పంపేవాళ్ళు, మాకు తిట్లు పడేవి.

దాన్ని సరిచేసింది కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అక్క. అడవి లోపలి గూడెం నుంచి రోజూ ఆటోలో వస్తుంది. ఇంట్లో కోయ, ఇక్కడ తెలుగు. చదవడం రాదు. కానీ అట్టను రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే చాలు, ఎంత మందమో చెప్పేస్తుంది. ప్రతి టేబుల్ దగ్గర ఒక చిన్న రాక్ పెట్టమంది. రాక్‌లో ఒక్కో అరలో ఏ అట్ట లేబుళ్ళుంటే, ఆ అర మీద ఆ అట్టదే ఒక ముక్క అంటించమంది. "ఏలు పెడితే తెలుస్తది గద మేడం, సదువుడెందుకు?" అంది. పనికిరాని అట్టతోనే తనే రాక్‌లు కట్టింది. తప్పులు దాదాపు ఆగిపోయాయి.

అదే నెలలో కాంట్రాక్టరు మారబోతున్నాడని తెలిసింది. కొత్తాయన ఎవర్ని ఉంచుకోవాలో మా మేనేజర్ని అడిగి లిస్టు రాసుకుంటాడు. అక్క నా టేబుల్ దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"ఆ రాక్ నేను చెప్పిన్నని ఏడనన్న రాయి మేడం. గది జూస్తే నన్ను తియ్యరు."

రాస్తానన్నాను. పీపీటీలో ముప్పై ఒకటో స్లైడులో ఒక లైను రాశాను కూడా.

ఇంతలో అట్ట కొనే పెద్ద కంపెనీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారన్నారు. మేనేజర్ నన్ను పిలిచాడు. "నలబై రెండు స్లైడ్లు ఎవడు జూస్తడమ్మా? ఒక్క పేజీ చెయ్యి. ఇటు బిఫోర్, అటు ఆఫ్టర్. నిలవడి జూస్తే ఒక్క నిమిషంల అర్థం గావాలె."

ఆయన చెప్పిన దాంట్లో తప్పు లేదు. నాకూ ఆ పని ఇష్టమే. ముందు థాంక్యూ పువ్వుల్ని పీకేశాను. తర్వాత తప్పుకు కారణాలు గీసే చేపముల్లు బొమ్మ, టీమ్ ఫోటో, నిర్వచనాలు అన్నీ పోయాయి. చివరికి మూడు వరసలు మిగిలాయి. లేబుల్ కోసం నడిచే దూరం, సైజు మారాక మళ్ళీ పని మొదలవడానికి పట్టే టైము, తప్పు పడిన లేబుళ్ళు. ప్రతి వరసలో ఎడమ పక్క పాత అంకె, దాని ఎదురుగానే కుడి పక్క కొత్త అంకె.

ఆ అంకెల కోసం కొట్లాడాను. పీపీటీలో పాత లెక్క సైజులు పదేపదే మారిన వారానిది, కొత్త లెక్క ఒకే పెద్ద ఆర్డరు నడిచిన వారానిది. పన్నెండు స్లైడ్ల దూరంలో ఉన్నప్పుడు ఎవరికీ కనపడలేదు, పక్కపక్కన పెట్టగానే నాకే సిగ్గేసింది. రాక్‌లు వచ్చాక సైజులు అన్నిసార్లే మారిన వారం, అవే టేబుళ్ళు, అన్నే షిఫ్టులు చూసి మళ్ళీ లెక్క తీశాను. తేడా కొంచెం తగ్గింది, మేనేజర్ మొహం మాడింది, నేను ఒప్పుకోలేదు. పీపీటీలో ఉన్న కంప్లయింట్ల లెక్కనైతే పేజీలోకే రానివ్వలేదు. అవి సరుకు వెళ్ళిన ఎన్ని నెలలకో వస్తాయి, ఇంత తొందరగా తగ్గాయని చెప్పడం మోసం. నా అంత నిజాయితీపరురాలు జిల్లాలో లేదనుకున్నాను.

అప్పుడు ఫోటోల సంగతి వచ్చింది. పాత పద్ధతిది ఒక్క ఫోటో కూడా లేదు. ముందుగా తియ్యాలని ఎవరికీ తట్టలేదు, నాతో సహా. మేనేజర్ తేలిగ్గా తేల్చేశాడు. "రాక్‌లు పక్కకు జరిపి, లేబుళ్ళు పాత లెక్కనే కుప్ప పోపిచ్చి తియ్యి."

పొద్దున్నే వెళ్ళి అక్కకే చెప్పాను. ఆమె నవ్వింది. "మంచిగున్నదాన్ని మళ్ళ చెడగొట్టాల్నా? ఏంది మేడం గిది?" అంది. ఫోటో కోసమేనన్నాను. తను కట్టిన రాక్‌లను తనే జరిపింది, లేబుళ్ళు కుప్ప పోసింది, నేను చెప్పినట్టే ఆ కుప్పలో వెతుకుతూ నిలబడింది. కొంచెం విసుగ్గా మొహం పెట్టమన్నది కూడా నేనే. ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కుడి పక్క ఫోటోకు మేనేజర్ సూపర్‌వైజర్ని ఎంచుకున్నాడు. కొత్త జాకెట్ వేసుకుని రాక్ మీద చెయ్యేసి నిలబడ్డాడతను. ఆ రాక్ కట్టేటప్పుడు కనీసం తాడు కూడా అందించలేదు.

పేజీ కింద 'ఆలోచన ఎవరిది' అని అక్క పేరు రాశాను. మేనేజర్ పెన్నుతో కొట్టేశాడు. "పేజీల జాగ లేదమ్మా." లోగో కొంచెం చిన్నది చేద్దాం సార్ అన్నాను. "లోగో తగ్గిస్తే ఓనరు నన్ను తగ్గిస్తడు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అంకెల దగ్గర పులిలా లేచినదాన్ని, పేరు దగ్గర పిల్లిలా నవ్వి ఊరుకున్నాను.

పేజీ హాలు గోడకు ఎక్కింది. అక్క వచ్చి చూసి మురిసిపోయింది. "నా ఫోటో గింత పెద్దగ పెట్టినవా మేడం! ఒకటి నాకియ్యి, మా బిడ్డకు జూపిస్త." బిడ్డ హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ప్రింటు తీసి చేతికిచ్చాను.

వచ్చినవాళ్ళు పేజీని మెచ్చుకున్నారు. వాళ్ళ వెనకాలే కొత్త కాంట్రాక్టరు ఉన్నాడు. ఎడమ పక్క ఫోటో మీద వేలు పెట్టి, "ఈమె ఇంక ఈడనే చేస్తున్నదా?" అని అడిగాడు. "అవ్, ఉన్నది" అన్నాడు మేనేజర్, ఆ 'ఉన్నది'ని ఏదో మరకలాగా అన్నాడు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆ రాక్ ఆమెదే అనడానికి ఎంత టైము పడుతుంది? అనలేదు.

సోమవారం లిస్టు వచ్చింది. అక్క పేరు లేదు.

మేనేజర్ గదిలోకి వెళ్ళి అరిచాను. "లిస్టు కాంట్రాక్టరుదమ్మా, నాది గాదు" అన్నాడు. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్తే, "మీ కాయితం జూసే రాసిన మేడం" అన్నాడు.

సాయంత్రం అక్క గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. చేతిలో ఆ పేజీ, నాలుగు మడతలు పడి ఉంది.

"మా బిడ్డ సదివింది మేడం. నా ఫోటో మీద పాత పద్ధతి అని ఉన్నదట. రాక్ కాడ సూపర్‌వైజర్ ఉన్నడట. నా పేరు ఏడ ఉన్నదో జూడవే అంటే, అంతా వెతికి లేదన్నది. కింద మూలకు ఒక పేరున్నదట. గది ఎవరిది?"

మడత విప్పి చూపించింది. 'తయారు చేసినవారు' అని, పక్కన నా పేరు. దానికి మాత్రం జాగా దొరికింది.