బుచ్చిరాజుగారి ట్యాగు మోగలేదు

నరసాపురంలో మొబైల్ షాపు నడిపేవాడికి ముందు ఓపిక ఉండాలంటారు. నాకది పుట్టుకతోనే లేదు. ఫోను నీళ్ళలో పడేసి తెచ్చి "ఊరికే ఆగిపోయిందండి" అనేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. అలాంటి నా షాపుకు నేను ఎదురు చూసే మనిషి ఒక్కరే వచ్చేవారు. ఆయన బుచ్చిరాజు గారు.

ఆయన కొనేదేమీ లేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రేవుకు వెళ్తూ నా గుమ్మం ముందు ఆగేవారు. "ఏవయ్యా భాస్కరం, బోణీ అయ్యిందా?" అని అడిగి, జవాబు వినకుండానే కదిలేవారు. పంటు ఎక్కి గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో టీ తాగి, మళ్ళీ పంటు మీద తిరిగి రావడం ఆయన దినచర్య. ఒకప్పుడు భీమవరం వైపు చేపల చెరువులు చేసిన మనిషి, ఇంట్లో కూర్చోమంటే కూర్చోలేరు. పంటు మీద కూడా కూర్చునేవారు కాదు. లేసు మూటలతో ఎక్కిన ఆడవాళ్ళకు చోటు చూపించి, తాను రెయిలింగు పట్టుకుని నిలబడేవారు.

రెండేళ్ళ కిందట ఆయనకు చిన్నగా పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ బాగానే కోలుకున్నాయి గానీ మాట మధ్యలో పేర్లు జారిపోయేవి. ఒకరోజు అవతలి రేవులో దిగాక తన ఇల్లు ఏ వీధో గుర్తుకు రాక సాయంత్రం దాకా బల్ల మీద కూర్చుండిపోయారు. ఆ తర్వాతే, రోజూ భీమవరం వెళ్ళి పనిచేసొచ్చే వాళ్ళబ్బాయి శ్రీనివాసరాజు, చుట్టుపక్కల వాళ్ళ ఫోన్ల ద్వారా జాడ తెలిపే బ్లూటూత్ ట్యాగు ఒకటి తెచ్చి ఆయన చొక్కా జేబులో వేశాడు. అది జేబులో ఉంటేనే గడప దాటాలని ఇంట్లో చట్టం. రాజుగారు దానికి ఒప్పుకున్నారు. "మావాడు భీమవరంలో కూచుని నన్ను చూస్తంటాడయ్యా" అని పంటు మీద అందరికీ చూపించేవారు కూడా.

ఇక మొన్న మాఘమాసంలో పోటు లేక పంటు ఇసుకలో దిగబడింది. రాజుగారు భోజనం వేళకు ఇల్లు చేరలేదు. శ్రీనివాసరాజు ఫోనులో వెతికితే తండ్రి జాడ లేదు. ఆయన మాత్రం పంటు కదిలాక నింపాదిగా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నారు. మర్నాడు తండ్రీకొడుకులిద్దరూ నా షాపులో ఉన్నారు.

"నాన్నగారు దీన్ని ఏదో నొక్కి పాడుచేశారండి. మోగదు, ఎక్కడుందో చూపించదు. ఇది బాగయ్యేదాకా బయటికి పంపేది లేదని చెప్పేశాను" అన్నాడు శ్రీనివాసరాజు.

"నేనేం నొక్కలేదయ్యా భాస్కరం" అన్నారు రాజుగారు. ఆయన గొంతులో ఉక్రోషం కంటే భయమే ఎక్కువ వినిపించింది. పంటు పోతే ఆయనకు ఇంకేం మిగలదని నాకు తెలుసు.

మూత తిప్పి తీసి బిళ్ళ బ్యాటరీని మీటరు మీద పెట్టాను. పూర్తిగా చచ్చిపోయింది. కొత్తది వేశాను, ఉలుకూ పలుకూ లేదు.

"చూశారా? లోపల పాడైపోయింది" అన్నాడు కొడుకు, గెలిచినట్టు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కొన్ని బిళ్ళలకు పిల్లలు మింగకుండా చేదు పూత పూస్తారు. ఆ పూత అడ్డుపడి కొన్ని ట్యాగుల్లో కరెంటు సరిగా అందదు. పూత లేని ఇంకో బిళ్ళ వెతికి వేసేసరికి ట్యాగు కుయ్‌మంది. రాజుగారి మొహం వెలిగింది.

"ఇప్పుడు మీ ఫోనులో మోగించండి" అన్నాను.

శ్రీనివాసరాజు యాప్ తెరిచాడు. జాబితాలో ట్యాగే లేదు. కొత్తగా జత చేయబోతే, ఇది వేరొకరి ఖాతాకు చెందినదని చూపించింది.

"ఎవరికిచ్చారు నాన్నగారూ? పంటు మీద ఎవడో మార్చేసి ఉంటాడు!"

"నా జేబులోంచి ఎవడు తీస్తాడ్రా?"

"ఆగండి బాబూ" అని కసిరాను. "ఇది ముందు ఏ ఫోనుతో జత చేశారు?"

"నా ఫోనే."

"ఇదేనా?"

అతను కాస్త తడబడ్డాడు. దసరాకు ముందు ఆన్‌లైన్లో కొత్త ఫోను కొన్నాడట. పాత ఖాతా పాస్‌వర్డ్ గుర్తులేక కొత్త ఖాతా తెరిచాడట. నా దగ్గర కొని ఉంటే ఖాతా నేనే మార్చిపెట్టేవాడిని. కానీ ఆ మాట ఇప్పుడెందుకు? ఓనరు ఖాతాలోంచి తీయకుండా ఇంకొకరి ఖాతాకు ఈ ట్యాగు జతకాదు. దొంగ చేతికి చిక్కినా వాడికి పనికిరాకూడదని అలా పెట్టారు. అది చెప్పి, పాత ఫోను ఎక్కడుందని అడిగాను.

అది ఇంట్లో వంటగదిలో ఉంది. అతని భార్య హైమ గారు అందులో వంటల వీడియోలు చూస్తారట. ఫోను చేస్తే ఆవిడే స్కూటీ మీద తెచ్చిచ్చారు. ఛార్జింగు కలిసొస్తుందని బ్లూటూత్ ఎప్పుడూ ఆపే ఉంచుతానన్నారు. ఇచ్చేసి, పొయ్యి మీద పప్పు ఉందంటూ వెళ్ళిపోయారు.

పాత ఖాతా అందులో అలాగే తెరిచి ఉంది, ట్యాగూ ఉంది. బ్యాటరీ అయిపోవస్తోందని ఎప్పుడో వచ్చిన హెచ్చరికను ఎవరూ తెరిచి చూడలేదు. దాని కింద ట్యాగు చివరిసారి కనిపించిన చోటు నరసాపురం రేవు. తేదీ వినాయక చవితి మర్నాడు.

నేను పైకే చదివాను. చదవకుండా ఉండాల్సింది.

"వినాయక చవితా?" అన్నారు రాజుగారు.

"అవునండి. అప్పుడే బ్యాటరీ అయిపోయింది. మీరేం పాడు చెయ్యలేదు."

ఆయన కొడుకు వైపు తిరిగారు. "అయితే అప్పట్నించీ నువ్వు చూళ్ళేదన్నమాట."

శ్రీనివాసరాజు ఫోనులోంచి తల ఎత్తలేదు. "పనుల్లో పడి నాన్నగారూ... ఏదైనా అయితే చూద్దాం కదా అని..."

"ఎండలో ఎక్కువసేపు తిరిగితే నువ్వు కంగారు పడతావని టీ తాగ్గానే తిరిగొచ్చేసేవాణ్ణి" అన్నారాయన. తిట్టినట్టు కాదు, మామూలుగానే చెప్పారు. తిట్టి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

నేను పనిలో తల దూర్చాను. పాత ఫోనులో బ్లూటూత్ ఆన్ చేయగానే ట్యాగు దొరికింది. పాత ఖాతాలోంచి తీసేశాను. బల్ల మీద ట్యాగు పక్కన కొత్త ఫోను పెట్టి, కొత్త ఖాతాకు జత చేశాను. మధ్యలో ఓటీపీ రాలేదని ఒకసారి, నెట్ పోయిందని ఒకసారి అతను నా ప్రాణం తీశాడు. ఇద్దరం ఆ తెర మీదికే వంగి ఉన్నాం. చివరికి పేరు అడిగితే 'నాన్నగారు' అని కొట్టాడు.

మ్యాపు మీద చుక్క కనిపించింది, సరిగ్గా నా షాపు మీద.

"వచ్చేసింది! ఇదిగో నాన్నగారు, ఇక్కడే ఉన్నారు!" అని సంబరపడి మోగించే బొత్తాం నొక్కాడు. బల్ల మీద ట్యాగు గట్టిగా మోగింది.

తల ఎత్తి చూస్తే ఇందాక రాజుగారు కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది.

శ్రీనివాసరాజు గబగబా మ్యాపు పెద్దది చేశాడు, చిన్నది చేశాడు. చుక్క కదల్లేదు. "ఇక్కడే చూపిస్తోందండీ..." అన్నాడు ఏడుపు గొంతుతో.

ఎప్పట్నించో ఆపుకున్న కోపం కట్ట తెంచుకుంది. "అది ట్యాగండీ, మీ నాన్నగారు కాదు! ఆయన ఈ వేళప్పుడు ఎక్కడుంటారో రేవులో ఎవర్నడిగినా చెప్తారు. పంటు కదలకముందు పరిగెత్తండి!"

అతను పరిగెత్తాడు. రెండు ఫోన్లూ, ట్యాగూ నా బల్ల మీదే ఉండిపోయాయి.