ఎడమ మోకాలి తరఫున ఒక విన్నపం

మార్చి నాలుగో తేదీన ఆ స్కాన్ సెంటర్లో పదకొండు మోకాళ్లకు ఎమ్మారై తీశారు. పదకొండు రిపోర్టులనూ టైపు చేసింది ఒక్కరే: డాక్టరు చెప్పి రికార్డు చేసిన మాటలను పంతొమ్మిదేళ్లుగా వెనకగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ కాగితం మీదికి ఎక్కించే టైపిస్టు. అందరికీ ఆమె టైపక్క. తన వేళ్లు పొరపాటు చేయవని ఆమెకు గట్టి నమ్మకం. రోజుకు రెండుసార్లయినా ఆ సంగతి పదిమంది చెవిన వేయనిదే ఆమెకు పొద్దుపోదు.

ఆరో తేదీ ఉదయం ఒక కుర్రాడు కుంటుకుంటూ వచ్చి కౌంటరు మీద ఉత్తరం పెట్టాడు. కౌంటరమ్మాయి చదివి, నవ్వాపుకోలేక వెనకగదికి పరిగెత్తింది.

“మేనేజరు గారికి. ఫుట్‌బాల్ ఆడుతూ లిగమెంటు తెంచుకున్నది నా కుడి మోకాలు. మీ రిపోర్టు ఆ ఘనతను ఎడమదానికి కట్టబెట్టింది. అది ఏ పాపమూ ఎరుగదు; మా ఇంటిల్లిపాదిలోనూ ప్రస్తుతం నన్ను మోస్తున్నది అదొక్కటే. రిపోర్టు సరిచేస్తే తప్ప వచ్చే గురువారం ఆపరేషన్ చేయనని సర్జన్ గారు అంటున్నారు. ఆ రోజు తప్పితే మళ్లీ నెల తర్వాతే. స్కాన్ తీయించమని రాసిచ్చిన డాక్టరు చీటీ నకలు, స్కాన్ నంబరు జతచేశాను.”

టైపక్క ముఖం ఎర్రబడింది. “కుడెడమలు తెలిసి ఏడిస్తేగా! అద్దంలో చూసుకుని ఉంటాడు.”

“అక్కా, ముందొచ్చి ఆ నడక చూడు.”

చూసింది. కుడికాలు నేలకు ఆనడం లేదు.

“నొప్పి చూసి రిపోర్టు మార్చరు బాబూ,” అంది కాస్త తగ్గి.

“కాలే మార్చుకుందామనుకున్నానండీ. వీలుపడలేదు.”

కౌంటరమ్మాయి ఆమె చెవిలో గొణిగింది. “ఒక్క మాటేగా అక్కా! మార్చేసి ప్రింటు కొట్టెయ్. ఎవరికి తెలుస్తుంది?”

టైపక్క వేళ్లు కీబోర్డు దాకా వెళ్లి ఆగాయి. “సంతకం నాది కాదే. నేను దిద్దితే దొంగ రిపోర్టవుతుంది.”

ఉత్తరం పట్టుకుని డాక్టరు గదికి వెళ్లింది. ఆయన స్కాన్ బొమ్మలు తెరిచాడు; అన్నింటి మీదా కుడి గుర్తే ఉంది. చీటీలోనూ కుడే. రికార్డింగులో ఆయన గొంతు కూడా స్పష్టంగా కుడి అనే చెప్పింది.

టైపక్కకు ఇక దాచడానికేమీ లేదు. “ఇతనికి ముందు పేషెంటుది ఎడమ మోకాలండీ. తొందరగా అవుతుందని ఆ రిపోర్టు నకలు మీదే ఇతనిది టైపు కొట్టేశాను. పైన శీర్షికలో ఎడమ అన్నది అలాగే ఉండిపోయింది.”

“నేనేమో చదవకుండా సంతకం పెట్టేశాను,” అన్నాడు డాక్టరు తల గోక్కుంటూ.

పాత రిపోర్టును రద్దుచేసి, ఫైలులో మాత్రం ఉంచారు. ఏ పక్క తప్పు పడిందో, ఏ తేదీన సరిచేశారో రాసి డాక్టరు కొత్తదాని మీద సంతకం చేశాడు. పాత నకలు అప్పటికే సర్జన్ దగ్గర ఉంది కనుక ఆయనకు స్వయంగా ఫోన్ చేశాడు. ఆ రోజు తీసిన మిగతా పది మోకాళ్లనూ ఇద్దరూ కలిసి సరిచూశారు. అవి సరిగానే ఉన్నాయి.

మరుసటి వారం, గురువారం, కుర్రాడి కుడి మోకాలికే ఆపరేషన్ జరిగింది. ఆ రోజు టైపక్క ప్రతి రిపోర్టునూ ఖాళీ ఫారం మీద మొదలుపెట్టి సాయంత్రానికి ఏడే పూర్తి చేసింది. మిగతావేవని డాక్టరు అడగబోతే, ఆ ఏడింటినీ ఆయన ముందు పెట్టి చేతులు కట్టుకుంది.

“ముందు ఇవి చదివి సంతకం పెట్టండి. అయ్యేదాకా నేనిక్కడే నిలబడతాను.”