అరవై అయిదు కావాలె

మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మూడో మిడ్ మార్కులు బోర్డు మీద పెట్టిన రోజు ఎవరూ చదివేవారు కాదు. అందరూ లెక్కలు కట్టేవారు. ఫైనల్లో ఎంత వస్తే గట్టెక్కుతాం అనే ఒక్క లెక్క. ఆ రోజు మెస్సులో సాంబారు ఎలా ఉందో కూడా ఎవరికీ పట్టేది కాదు, అంటే ఆ లెక్క ఎంత గట్టిదో చూడండి.

పద్ధతి ఇదీ. ఒక సబ్జెక్టుకు మూడు మిడ్‌లు, ఒక ఫైనల్. అన్నీ నూరేసి మార్కులకే. ఒక్కో మిడ్‌ను ఒకసారి, ఫైనల్‌ను రెండుసార్లు కలిపి, వచ్చినదాన్ని అయిదుతో భాగిస్తారు. యాభై వస్తే పాస్. అంటే మొత్తం కలిపి రెండు వందల యాభై రావాలి. ఆ ఏడు కొత్తగా ఒక దయ చూపించారు. ఫైనల్ మార్కులు అన్నిటికంటే తక్కువ వచ్చిన మిడ్‌ను మించితే, ఆ మిడ్ తీసేసి దాని స్థానంలో ఫైనల్ మార్కులే వేస్తారు. జ్వరమొచ్చి ఒక పరీక్ష పాడు చేసుకున్నవాళ్లకు అదొక ఊరట.

నా రూమ్మేటు అలా జ్వరమొచ్చి పాడు చేసుకున్నవాడే. ములుగు దాటి అడవి వైపు పోతే వచ్చే చిన్న ఊరు వాడిది. వాళ్ల నాన్నకు కొద్దిగా పొలం ఉంది, వానాకాలం పంట తీసి ఎండాకాలం బీడీలకు తునికాకు ఏరేవాడు. వీడు ఆ ఊరి నుంచి ఇంజనీరింగుకు వచ్చిన మొదటివాడు. నేను వరంగల్ వాణ్ణే, ధాన్యం మార్కెట్ పక్క సందులో పుట్టి పెరిగాను. ఊళ్లో ఇల్లు పెట్టుకొని హాస్టల్లో ఉన్నందుకు మా అమ్మ నన్ను తిట్టని రోజు లేదు. మా ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడేది కాదు. నేను దేనికైనా తొందరపడేవాణ్ణి, వాడు దేనికైనా ఆలోచించేవాడు. చెప్పులు వేసుకోవడానికి కూడా ఆలోచించేవాడు.

స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో వాడికి మొదటి మిడ్‌లో అరవై రెండు, జ్వరంతో రాసిన రెండో మిడ్‌లో పద్దెనిమిది, మూడోదానిలో నలభై వచ్చాయి. అంతకుముందే ఒక సబ్జెక్టు పాస్ కాకుండా మిగిలి ఉంది. ఇది కూడా పోతే పై సంవత్సరంలోకి పోనివ్వరు, స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే వాడు మళ్లీ వరంగల్ మొహం చూసేది లేదు.

వరండాలో కూర్చొని వాడు లెక్క కట్టాడు. మూడు మిడ్‌లు కలిపితే నూట ఇరవై. రెండు వందల యాభైలో ఇంకా నూట ముప్పై కావాలి. ఫైనల్ రెండుసార్లు కలుస్తుంది కాబట్టి సగం, అరవై అయిదు.

"అరవై అయిదు కావాలెరా" అన్నాడు.

"ఎందుకు కావాలె? పద్దెనిమిది తీసేస్తరు కదా" అన్నాను. "అరవై రెండు, నలభై కలిపితే నూట రెండు. ఇంక నూట నలభై ఎనిమిది కావాలె. ఫైనల్ తన దిక్కు రెండుసార్లు, పద్దెనిమిది దిక్కు ఒకసారి, మొత్తం మూడుసార్లు పడతది. మూడుతోని భాగించు. యాభై వస్తే సరిపోయె."

వాడు చాలాసేపు ఆ అంకెలు చూశాడు. "అది పాసయినంక సంగతిరా. ముందు నా దగ్గర ఉన్నదాంతోని పాస్ కావాలె. రాని మార్కులు అప్పుడే రెండో దిక్కు ఎట్ల కలుపుతవ్? ఇంటికి రాని గింజను లెక్కల పట్టొద్దని మా బాపు అంటడు."

వాళ్ల నాన్నది అదే తీరు. పైరు కోతకొచ్చినా పండిందనడు, కల్లంలో రాశి పోసినా పండిందనడు, బస్తాలు ఇంట్లో దింపాకే పండిందంటాడు. ఎన్నోసార్లు వానకు పోయిన పంటను చూసినవాడు అలాగే ఉంటాడు. ఆ జాగ్రత్తనే కొడుకు మార్కుల్లోకి తెచ్చుకున్నాడు. నాకు చిరాకేసింది. ఇది వడ్లు కాదురా, లెక్కల్లో ఎక్స్ అన్నాను. అరవై అయిదు కోసం చదివితే నష్టమేముంది అని వాడు నవ్వాడు. నిజమే, నష్టమేమీ కనబడలేదు. ఎక్కువ చదవడం వల్ల ఎవరికైనా చెడు జరుగుతుందని ఎవడనుకుంటాడు?

ఆ సెమిస్టర్‌కు అదే చివరి పరీక్ష. ఆ రోజు పొద్దున మేము టీ తాగుతుంటే వాళ్ల ఊరి పెద్దమనిషి ఒకాయన మొదటి బస్సుకు వచ్చి హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాడు. వాడు ఆయన్ని కాకా అని పిలిచేవాడు.

"బాపుకు పానం బాగలేదు బిడ్డా. నిన్న సందెటి నుంచి నిన్నే అడుగుతాండు. పదకొండు బస్సుకు రమ్మన్నరు."

"దవాఖానకు తీస్కపోయిన్రా?"

"ములుగుల చూపిచ్చినం. ఇంటికి తీస్కపొమ్మన్నరు."

ఆ మాటకు అర్థం మాకు తెలుసు. వాడు మొహం కడుక్కొని వచ్చాడు. పరీక్ష మానేద్దామా అని నన్నడగలేదు, నేనూ చెప్పలేదు. కాకానే అన్నాడు, పరీక్ష రాసి రమ్మని బాపు చెప్పిండని. పదకొండు బస్సు వాళ్ల ఊరి మీదుగానే పోతుంది. దాని తర్వాత నేరుగా పోయే బస్సు సాయంత్రం దాకా లేదు. పరీక్ష తొమ్మిదికి మొదలు. సగం సమయం గడిచాక ఎవరైనా కాగితం ఇచ్చి లేచిపోవచ్చు. పదిన్నరకు లేస్తే హనుమకొండ బస్టాండుకు రిక్షాలో అందుకోవచ్చు.

"సగానికి లేస్త" అన్నాడు వాడు. కాకా ముందు బస్టాండుకు పోయి నిలబడతానన్నాడు.

పేపరు బాగుంది. అయిదు ప్రశ్నలు, ఒక్కోటి ఇరవై మార్కులకు. వాడు నాకు ఏటవాలుగా ముందు వరసలో ఉన్నాడు. మొదటి మూడూ వాడికి కొట్టిన పిండి. నేను రెండోది ముగించేసరికి వాడు మూడో బొమ్మ కింద గీత గీస్తున్నాడు. బెల్లు కొట్టారు, సగం సమయం అయింది. ఇద్దరు ముగ్గురు లేచిపోయారు. నేను తల ఎత్తి చూశాను. వాడు గడియారం చూశాడు, తలుపు వైపు చూశాడు, రాసిన కాగితాలు తిప్పి చూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏమి లెక్క పెడుతున్నాడో నాకు తెలుసు. మూడు ప్రశ్నలంటే ఎంత బాగా రాసినా అరవై. అరవై అయిదుకు చాలదు.

లేవరా, చాలు అని నేను లోపల అనుకుంటున్నాను. పరీక్ష హాల్లో నోరు విప్పే వీలు లేదు, కాపలా ఉన్న సారు మా వైపే నిలబడ్డాడు. వాడు నాలుగో ప్రశ్న నెంబరు వేశాడు.

ఆ ప్రశ్న పెద్దది. వాడు కొట్టేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి కలం పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. చివరకు లేచి కాగితాలు ఇచ్చి పరుగెత్తేసరికి పదకొండు దాటిపోయింది. నేను రాస్తున్నది అక్కడే ఆపి వెనకాలే పోయాను. బస్టాండులో కాకా లేడు, కొడుకు రాకపోయినా తానైనా ఉండాలని అదే బస్సుకు పోయాడు. ములుగు దాకా ఇంకో బస్సు దొరికింది. అక్కడి నుంచి జీపు ఏదైనా దొరుకుతుందని వాణ్ణి ఎక్కించాను. వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు.

జీపు నిండేదాకా కదలదు కదా. వాడు ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. వాళ్ల నాన్న అంతకు కొంచెం ముందే పోయాడు.

కర్మ చేసే పెద్ద దినం నాడు నేను వాళ్ల ఊరు పోయాను. గుండుతో వాడు నాకు చాలా చిన్నపిల్లవాడిలా కనిపించాడు. వచ్చినవాళ్లు తిని లేచిపోయాక వాళ్ల అమ్మ గోడకు ఆనుకొని కూర్చొని నన్ను పక్కకు పిలిచింది.

"పగటీలి బస్సు చప్పుడు ఆయినకు ఇనవడ్డది కొడుకా. లేపి కూసుండవెట్టుమన్నడు. కూసుండవెట్టినం. కాకొక్కడే దిగి వచ్చిండు. పిలగాడు పరీచ్చ రాత్తాండు, ఎనుక బస్సుకు వత్తడని చెప్పిండు. రాయనియ్యిండ్రి అన్నడు. మల్ల పండుకున్నడు. ఇగ మాట్లాడలె."

చెప్పి కొంగుతో ముక్కు తుడుచుకుంది. కొడుకు అరుగు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు, అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"నువ్వు గూడ అదే సదువు గదా. నిజం చెప్పు కొడుకా. ఆ కొంచెంసేపు రాయకుంటె వీడు పాస్ కాకపోవునా?"

ఆమె తప్పు పట్టడానికి అడగలేదు. ఆయన కూర్చొని ఎదురుచూసి మళ్లీ పడుకున్నది దేనికోసమో ఆమెకు కావాలి. యాభై చాలు అనే మాట నా నాలుక మీద ఉంది. చిన్నప్పటినుంచి లెక్క తప్పు చెప్పినవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం నేనే చెప్పాను.

"కాకపోతుండె అవ్వా. అరవై అయిదు కావాలె. రాయకుంటె రాకపోతుండె."

ఆమె తల ఊపింది. "అరవై అయిదు" అని తనలో తాను అనుకుంది. అరుగు మీద వీపు కదలలేదు.

సాయంత్రం వాడు నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. వాడే మొదలుపెట్టాడు.

"ఆనాడు జీపు కదలకపాయె. ఊకె కూసోలేక ఆ లెక్క మల్ల చేసిన. ఫైనల్‌ను ఎక్స్ అనుకున్న. ఎక్స్ రెండు దిక్కుల పడ్డది, నువ్వు చెప్పినట్టె. మూడు ఎక్స్ నూట నలభై ఎనిమిది. నలభై తొమ్మిది పైన కొంచెం. యాభై. మూడు ప్రశ్నలతోని అయిపోయేది."

నాకు ఏడుపొచ్చింది. వాడు ఏడవలేదు, నా భుజం మీద చెయ్యేశాడు.

"అవ్వకు మంచిగ చెప్పినవ్. ఆ లెక్క ఆమె దగ్గర అట్లనే ఉండనియ్యి."

ఫలితాలు వచ్చినప్పుడు సారు పేపర్లు చూపించారు. మూడు ప్రశ్నలకు యాభై ఆరు వచ్చాయి. నాలుగో ప్రశ్నకు ఒక్క మార్కు కూడా రాలేదు. యాభై ఆరు పద్దెనిమిది స్థానంలో పడి వాడు పాసయ్యాడు. వాడు పేపరు మడిచి సారుకే తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత చాలా ఏళ్లు నేను ఆ ఊరికి పోయి వస్తూ ఉన్నాను. పోయినప్పుడల్లా ఆమె నా పక్కన కూర్చొని, వచ్చినవాళ్లకు తన పెనిమిటి చివరి రోజు గురించి చెప్పేది. బస్సు చప్పుడు విని లేచి కూర్చున్నది, రాయనియ్యిండ్రి అన్నది, అంతా చెప్పేది. చదువురాని మనిషి, ఆ ఒక్క అంకె మాత్రం ఎన్నడూ తప్పలేదు. "మావోనికి అరవై అయిదు కావాల్నట. ఆయినకు ఎరికె, అందుకె రాయనియ్యిమన్నడు" అని నా వైపు తిరిగేది. "కాదా కొడుకా?"

అవునవ్వా అనేవాణ్ణి. వాడు ఆ మాట వచ్చేసరికి లేచి బయటికి పోయేవాడు.